దీపం ముందా, పక్కనా? పూజా మందిరపు రెండర్‌లో వెలుగుల ఎంపిక

చెక్కడపు పని ఉన్న చెక్క మందిరం, దాని దగ్గర వెలుగుతున్న ఇత్తడి కుంది, వెనుక గోడ మీద మెత్తగా పరచుకున్న పసుపు వెలుగు. ఇంట్లోని పూజా మూలను రెండర్ చేసి చూపమని అడిగేవారు దాదాపు అందరూ ఈ మూడింటినే కోరుకుంటారు. నేను మొదటిసారి ఇలాంటి పని చేసినప్పుడు మూడింటినీ శ్రద్ధగానే అమర్చాను. బొమ్మ చూసిన ఆ ఇంటి పెద్దావిడ మాత్రం, "మందిరం బాగుంది నాయనా, దీపం వెలిగించకుండానే తీశావేం?" అని అడిగింది. ఒత్తి కొసన మంట స్పష్టంగానే ఉంది. అయితే ఆ మంట వల్ల చుట్టుపక్కల ఏదీ వెలగలేదు, మందిరం వెనుక పెట్టిన ఎల్ఈడీ స్ట్రిప్ వెలుగు దాన్ని పూర్తిగా మింగేసింది. మంట కనిపించడం వేరు, దీపం వెలగడం వేరు అని నాకు తెలిసింది ఆవిడ మాటతోనే.

ఆ తరువాత చేసిన పనులన్నిటిలోనూ నాకు ఎదురైన ప్రశ్నలు చాలావరకు ఒక్క ఎంపిక చుట్టూనే తిరిగాయి. కుందిని మందిరం ముందు నడిమధ్య పెట్టాలా, లేక రెండు పక్కలా ఒక్కొక్కటి పెట్టాలా అన్నదే ఆ ఎంపిక. ఇది అలంకారానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది కానీ, గోడ వెలుగు ఎంత ఉండాలి, చెక్కడాన్ని ఏ పద్ధతిలో చేయాలి, మంటను ఎలా కట్టాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి. ఇక్కడ చెప్పే అమరికలు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్‌కు సంబంధించినవి. అందులోనే ఉన్న మరో వేగమైన ఇంజిన్ ఈవీలో వస్తువులను అటూ ఇటూ జరుపుతూ కూర్పు చూసుకోవడం హాయిగానే ఉంటుంది గానీ, ఇత్తడిలో కనబడే ప్రతిబింబాలు, గోడ నుంచి చెక్క మీదికి తిరిగి వచ్చే వెలుగు ఈ చిత్రానికి ప్రాణం కనుక చివరి రెండర్‌కు నేను సైకిల్స్‌నే వాడతాను.

ఒక మందిరం కొలతలతో

75 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల ఎత్తు, 25 సెంటీమీటర్ల లోతు ఉన్న టేకు మందిరాన్ని తీసుకుందాం. దాని వెనుక 150 సెంటీమీటర్ల వెడల్పున్న లేతరంగు గోడ ఉంది. మందిరం వెనుక అంచున, గోడ వైపు తిరిగి, మొత్తం 480 ల్యూమెన్లు ఇచ్చే స్ట్రిప్ దాగి ఉంది. ఆ వెలుగు దాదాపు ఒకటిన్నర చదరపు మీటర్ల గోడ మీద పరచుకుంటుందనుకుంటే, సగటున 300 లక్సుల పైచిలుకు వెలుగు గోడకు అందుతుంది.

ఇప్పుడు దీపం సంగతి చూద్దాం. ఒక ఒత్తి మంట సుమారుగా ఒక కొవ్వొత్తితో సమానం, అంటే ఒక క్యాండెలా అనుకోవచ్చు. ఆ వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక, 32 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గోడకు దాని నుంచి అందేది 10 లక్సులే. ముప్పై రెట్ల తేడాను ఏ కెమెరా దాచలేదు, రెండరర్ కూడా దాచలేదు. ఆ పెద్దావిడ ప్రశ్నకు కారణం ఈ లెక్కలోనే ఉంది. తప్పు చేసింది మంట కాదు, పూర్తి వెలుగులో వదిలేసిన స్ట్రిప్.

ముందు పెట్టిన దీపం

రెండు ఒత్తుల కుందిని మందిరం ముందు 30 సెంటీమీటర్ల దూరంలో, పీట మీద, సరిగ్గా మధ్యలో పెట్టామనుకుందాం. చూడగానే ఇదే సహజంగా తోస్తుంది, కూర్పు కూడా నిండుగా ఉంటుంది. మందిరం ముందు భాగానికి 22 లక్సుల వరకు వెలుగు అందుతుంది, పీట మీద ముగ్గు ఉంటే అది బాగా కనిపిస్తుంది, ఇత్తడి కాంతి కంటికి దగ్గరగా ఉంటుంది.

కానీ ఈ అమరికలో దీపపు వెలుగు గోడను చేరదు. మంటకూ గోడకూ మధ్య మందిరమే అడ్డుగా నిలబడి ఉంటుంది. మంట నుంచి మందిరపు ముందు అంచులను తాకుతూ గోడ దాకా గీతలు గీసి చూస్తే, ఆ నీడ వెడల్పు సుమారు 138 సెంటీమీటర్లు వస్తుంది. మన గోడ మొత్తం 150 సెంటీమీటర్లే. అంటే చెరొక పక్కన ఆరేసి సెంటీమీటర్ల పట్టీ తప్ప మిగిలిన గోడంతా దీపానికి నీడలోనే ఉంటుంది. ఇది తెలియక చాలామంది దీపపు వెలుగు గోడ మీద కనిపించడం లేదని పాయింట్ లైట్ శక్తిని పెంచుకుంటూ పోతారు. చివరికి పీట తెల్లగా కాలిపోతుంది, గోడ మాత్రం అలాగే ఉంటుంది. పీట మీద వెలుగు హద్దు మీరిపోయి గోడ ఏమాత్రం మారకపోతే, సరిచేయవలసింది శక్తిని కాదు, స్థానాన్ని.

రెండో ఇబ్బంది మూర్తి ముఖానిది. మంట ముఖం కంటే కిందుగా, ముందువైపు ఉండటం వల్ల నీడలు ముక్కు నుంచి నుదుటి వైపుకు పైకి పాకుతాయి. నిజమైన పూజాగదిలో పైనుంచి వచ్చే గది వెలుగు దీన్ని కొంత సర్దుతుంది. రెండర్‌లో ఆ వెలుగు లేకపోతే ప్రసన్నంగా ఉండవలసిన ముఖం ఉగ్రంగా మారిపోతుంది. ఈ లోపం రెండర్ చేసినవారి కంటికి ఎంతకీ ఆనదు, చూసేవారికి మాత్రం మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది.

పక్కలకు జరిపిన దీపాలు

అవే రెండు ఒత్తులను రెండు చిన్న కుందులుగా విడదీసి, స్తంభాలకు 18 సెంటీమీటర్ల పక్కగా, మందిరపు ముందు తలం కంటే 7 సెంటీమీటర్లు ముందుకు ఉండేలా పెడదాం. అప్పుడు ప్రతి మంటా గోడకు 32 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మంటకూ దాని వెనుక ఉన్న గోడకూ మధ్య అడ్డు ఉండదు కనుక ఒక్కొక్క కుంది వెనుక పది లక్సుల గుండ్రని వెలుగు నేరుగా పడుతుంది. ఒత్తుల సంఖ్య మారలేదు, మొత్తం వెలుగూ మారలేదు. అయినా దీపం వెలుగుతున్నట్టు ఇప్పుడు గోడే చెబుతుంది.

దీనికంటే పెద్ద లాభం చెక్కడానికి దక్కుతుంది. ఈ స్థానం నుంచి స్తంభం ముందు భాగం మీదికి వెలుగు సుమారు 21 డిగ్రీల వాలులో, దాదాపు ఉపరితలాన్ని రాసుకుంటూ వస్తుంది. 5 మిల్లీమీటర్ల లోతున్న లత చెక్కడం ఆ వాలులో 13 మిల్లీమీటర్ల పొడవైన నీడ వేస్తుంది. ముందు మధ్యలో పెట్టిన కుంది నుంచి అదే స్తంభం మీదికి వెలుగు 39 డిగ్రీల వాలులో పడుతుంది, అప్పుడు నీడ సుమారు 6 మిల్లీమీటర్లే. ఆకు అంచు, తొడిమ మలుపు, ఉలి ఆగిన చోటు, ఇవన్నీ కంటికి అందేది ఆ అదనపు ఏడు మిల్లీమీటర్ల నీడలోనే.

పక్క దీపాల లోటు మధ్యభాగంలో తెలుస్తుంది. మూర్తి ఉన్న గూడులోకి వాటి వెలుగు సరిగా చేరదు. అందుకు నేను కెమెరా వెనుక, కొంచెం ఎత్తులో, ఒక పెద్ద ఏరియా లైట్‌ను చాలా తక్కువ శక్తితో పెట్టి గది వెలుగులా వాడతాను. దాన్ని ఆపేస్తే మూర్తి చీకటిలోకి జారాలి, ఉంచితే అది ఉన్నట్టే తెలియకూడదు. అంతకు మించి పెంచితే చెక్కడంలోని నీడలు పూడిపోయి, ఇంతవరకు చేసిందంతా వృథా అవుతుంది.

మందిరం లోతు 25 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండి, పక్కలకు కనీసం 30 సెంటీమీటర్ల చొప్పున గోడ ఖాళీగా ఉన్నంతవరకు నేను రెండో ఆలోచన లేకుండా పక్క దీపాలనే ఎంచుకుంటాను.

గోడ వెలుగును ఎంతకు దించాలి

బ్లెండర్‌లో లైటు శక్తిని వాట్లలో ఇస్తాం గానీ అది బల్బు పెట్టె మీద రాసి ఉండే కరెంటు వాట్ కాదు, బయటకు వచ్చే కాంతి శక్తి. ఒక కొవ్వొత్తికి 0.05, 800 ల్యూమెన్ల బల్బుకు 2.1 అనే కొలతలను పట్టుకుంటే మన 480 ల్యూమెన్ల స్ట్రిప్‌కు మొత్తం 1.3 దాకా వస్తుంది. దీన్ని ఏడు శాతానికి, అంటే 0.09కి దించితే గోడ మీద 20 లక్సుల కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. దానిమీద దీపం మరో 10 లక్సులు కలుపుతుంది. కుంది వెనుక గోడ మిగతా గోడకంటే ఒకటిన్నర రెట్లు వెలుగుతుందన్నమాట. నా అనుభవంలో ఈ చిత్రానికి కుదిరే నిష్పత్తి ఇదే. ఇంట్లో డిమ్మర్ ఉన్నవారు దీపం వెలిగించాక స్ట్రిప్‌ను తగ్గించినట్టే ఇదీ.

ఇంత తక్కువ శక్తులతో తెర మొత్తం నల్లగా కనిపిస్తుంది. అది చూసి ఒక్కొక్క లైటునూ పెంచుకుంటూ పోతే నిష్పత్తులు చెదిరిపోతాయి. లైట్ల జోలికి వెళ్లకుండా కలర్ మేనేజ్‌మెంట్‌లోని Exposure విలువను సుమారు 4కు పెంచితే చాలు.

స్ట్రిప్‌ను గోడకు మరీ ఆనించి పెట్టినా చిక్కే. రెండు సెంటీమీటర్ల దూరంలో ఉంటే మందిరం అంచు వెంట ఒక తెల్లని గీత కాలిపోయి, అక్కడినుంచి వెలుగు హఠాత్తుగా పడిపోతుంది. ఆరేడు సెంటీమీటర్ల ఎడం ఉంటే అదే వెలుగు మెల్లగా కరుగుతూ పరచుకుంటుంది. పైనుంచి గోడ మీదికి వంకీలుగా పడే చిన్న స్పాట్ లైట్లను కూడా కొందరు అడుగుతారు. ఒంటరిగా అవి అందంగానే ఉంటాయి. కానీ వాటి వంకీలు, దీపాల గుండ్రని వెలుగు ఒకే గోడ మీద పడితే కంటికి నిలకడ ఉండదు కనుక నేను వద్దనే చెబుతాను.

రంగు విషయంలో చిన్న మెలిక ఉంది. దీపపు మంట 1850 కెల్విన్ల ప్రాంతంలో, స్ట్రిప్ 2700 దగ్గర ఉంటాయి. ఈ అంకెలను Blackbody నోడ్‌లో నిజాయితీగా ఇస్తే చిత్రమంతా నారింజ రంగులో మునిగి, టేకు, ఇత్తడి, గోడ అన్నీ ఒకే జాతివిగా కనిపిస్తాయి. మన కన్ను గది వెలుగుకు అలవాటు పడినట్టుగా సాఫ్ట్‌వేర్ తనంతట తాను అలవాటు పడదు, అది తెలుపును 6500 దగ్గరే పట్టుకుని కూర్చుంటుంది. 4.3 వెర్షన్ నుంచి కలర్ మేనేజ్‌మెంట్‌లో White Balance ఉంది. దాన్ని 3300 దగ్గర ఉంచితే గోడ లేత మీగడ రంగుకు వస్తుంది, దీపం మాత్రం నారింజగానే మిగులుతుంది. పాత వెర్షన్ వాడుతున్నవారు స్ట్రిప్‌ను 4500కు, దీపాన్ని 2700కు పెంచి దాదాపు ఇదే ఫలితం పొందవచ్చు. అంకెలు అబద్ధమైనా రెండు వెలుగుల మధ్య ఎడం నిలుస్తుంది.

మంటను రెండుగా విడదీయడం

మంట ఆకారపు మెష్‌కు, అంటే దాని 3డీ రూపానికి, ఎమిషన్ అనే సొంత వెలుగు ఇచ్చి దానితోనే గదిని వెలిగించడం ఒక మార్గం. మంట ఆకారం కంటికి మాత్రమే ఉండి, వెలిగించే పనిని దాని మధ్యలో పెట్టిన చిన్న పాయింట్ లైట్ చేయడం మరో మార్గం. నేను రెండోదాన్నే వాడతాను, కారణం ఎక్స్‌పోజర్‌లో ఉంది. గదిని వెలిగించాలంటే ఆ చిన్న మెష్‌కు ముప్పైకి పైగా ఎమిషన్ కావాలి. నాలుగు స్టాపుల ఎక్స్‌పోజర్ దాన్ని మరో పదహారు రెట్లు చేస్తుంది. మిగిలేది మంట కాదు, తెల్లని మచ్చ. రెండూ విడిగా ఉంటే మెష్‌కు 2 దగ్గర ఇచ్చి, ఒత్తి దగ్గర ముదురుగా, నడుమ పసుపుగా, కొసన పలచగా రంగులు నిలుపుకోవచ్చు.

విడదీసినప్పుడు ఒక పొరపాటు తప్పకుండా కాచుకుని ఉంటుంది. పాయింట్ లైట్ మంట మెష్ లోపల ఉండటం వల్ల ఆ మెష్షే దాని వెలుగును అడ్డుకుంటుంది. మంట మిలమిలలాడుతున్నా పక్కనున్న గోడ చీకటిగా ఉంటే కారణం ఇదే. మెష్ లక్షణాల్లోని Ray Visibility కింద Shadow, Diffuse గుర్తులను తీసేయాలి, Camera, Glossy గుర్తులను ఉంచాలి. పాయింట్ లైట్‌కు Glossy తీసేయాలి. అప్పుడు ఇత్తడిలో గుండ్రని చుక్క కాకుండా నిలువుగా సాగిన మంట ప్రతిబింబం కనిపిస్తుంది. పాయింట్ లైట్ వ్యాసార్థం 5 మిల్లీమీటర్లు ఉంటే నీడల అంచులు నిజమైన ఒత్తికి దగ్గరగా వస్తాయి.

ఇత్తడి గురించి చెప్పవలసింది కొంచెమే. పూర్తి మెటాలిక్, రఫ్‌నెస్ 0.2, ప్రమిద అంచున, చెయ్యి పట్టే కాడ దగ్గర ఇంకాస్త గరుకు ఉంటే చాలు. తోమిన కుంది అద్దంలా ఉండదు. గోడ మీద తెల్లని చుక్కలు చిమ్మినట్టు కనిపిస్తే అవి ఇత్తడి మీద పడి చెదిరిన మంట కాంతివి. Light Paths లో Reflective Caustics ఆపితే పోతాయి. పీట మీద పడే చిన్న బంగారు మెరుపు కూడా వాటితో పాటే పోతుంది, ఆ నష్టం భరించదగినదే.

చెక్కడం: నార్మల్ మ్యాప్ చాలునా

పక్క దీపాలను ఎంచుకున్నవారికి ముందు భాగంలో నార్మల్ మ్యాప్, అంటే చదును ఉపరితలం మీద చెక్కడం ఉన్నట్టు భ్రమ కలిగించే చిత్రం, చాలదు. అది వెలుగు పడే తీరును మారుస్తుందే తప్ప నీడ వేయదు. మనం సంపాదించుకున్న 13 మిల్లీమీటర్ల నీడ అందులో పుట్టదు. పైగా తోరణం అంచు వెనుక వెలుగుతున్న గోడ ఉంది కనుక, ఆ అంచు కత్తిరించిన అట్టలా నున్నగా ఉంటే చెక్కడం అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. అందుకే తోరణం, ముందు స్తంభాలు నిజమైన జ్యామితిగానో, ఉపరితలాన్నే నిజంగా లేపే డిస్‌ప్లేస్‌మెంట్‌తోనో ఉండాలి. పక్క పలకలకు, గూడు లోపలి వెనుక పలకకు నార్మల్ మ్యాప్ సరిపోతుంది. దీపాన్ని మందిరం ఎదుటే పెట్టాలనుకున్నవారు మాత్రం స్తంభాలకు కూడా నార్మల్ మ్యాప్‌తో కొంతవరకు నెట్టుకురావచ్చు.

డిస్‌ప్లేస్‌మెంట్ వాడితే మెటీరియల్ అమరికల్లో Bump Only బదులు Displacement and Bump ఎంచుకోవాలి, మెష్‌ను తగినంత విభజించాలి. నోడ్‌లో Scale మొదట 1గా ఉంటుంది, అంటే ఒక మీటరు. మార్చకుండా రెండర్ నొక్కితే స్తంభం ముళ్లపందిలా విచ్చుకుంటుంది. మన చెక్కడానికి అక్కడ 0.005 ఇవ్వాలి.

ఇంటివాళ్లు తేల్చుకోలేనప్పుడు

కొందరికి దీపం ప్రధానం, కొందరికి గోడ వెలుగు ప్రధానం, ఒకే ఇంట్లో ఇద్దరికీ రెండు అభిప్రాయాలు ఉండటమూ మామూలే. అప్పుడు దీపాలను ఒక లైట్ గ్రూపులో, స్ట్రిప్‌ను మరో గ్రూపులో, గది వెలుగును మూడో గ్రూపులో పెట్టి ఒక్కసారే రెండర్ చేస్తే, తరువాత కంపోజిటర్‌లో ఒక్కొక్కదాన్ని విడిగా పెంచి తగ్గించి కలపవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం. మామూలుగా టిక్ పెట్టే డీనాయిజ్ మొత్తం చిత్రానికే పనిచేస్తుంది, గ్రూపుల పాస్‌లు చుక్కలతోనే వస్తాయి. Denoising Data పాస్‌ను ఆన్ చేసి, ప్రతి గ్రూపుకు విడిగా Denoise నోడ్ తగిలించాలి. దీపాన్ని ముందునుంచి పక్కకు జరిపే వీలు మాత్రం ఇందులో ఉండదు కనుక, స్థానం రెండర్‌కు ముందే తేలిపోవాలి.

పక్కలకు చోటులేని ఇళ్లూ ఉంటాయి. 40 సెంటీమీటర్లకు మించిన లోతుతో, గోడలోని గూట్లో సరిగ్గా ఇమిడిపోయే మందిరమైతే పక్క దీపాలకు స్థలమే ఉండదు, పెట్టినా వాటి వెలుగు ముందు తలాన్ని రాసుకుంటూ పోదు. అలాంటప్పుడు దీపాన్ని మందిరం ఎదుటే పెట్టి, గోడ మీద దాని వెలుగు కోసం వెతకడం మానేస్తాను. కుందిని మధ్య నుంచి ఒక పక్కకు 15 సెంటీమీటర్లు జరిపి మూర్తి ముఖం మీది నీడలను ఏటవాలు చేస్తాను, స్ట్రిప్‌ను ఐదు శాతానికి దించుతాను, కెమెరాను పీట, ముగ్గు, కుంది పాదం కనిపించేలా కిందికి తెస్తాను. దీపం కింద చీకటి అన్నట్టు ప్రమిద నీడ కుంది పాదం చుట్టూ గుండ్రంగా పడి, ఆ నీడ అంచు నుంచి పీట వెలగడం మొదలైతే, గోడ సాయం లేకుండానే దీపం వెలిగినట్టు తెలుస్తుంది. ఆ నీడ పలచబడితే గది వెలుగు ఎక్కువైందని లెక్క, అది మళ్లీ ముదిరేదాకా ఏరియా లైట్‌ను తగ్గిస్తూ పోవాలి.